‘కాస్ట్ ఆఫ్ క్యారీ’ని తెలుగులో ఏమనాలి? అందులో డివిడెండ్ ఎక్కడ పడుతుంది?

పద్మజ: నమస్కారం అందరికీ. కామర్స్ పిల్లల కోసం ఫార్వర్డ్ ధర మీద, అంటే తర్వాత ఒక తేదీన అప్పగించేదానికి ఇవాళే ఖాయం చేసుకునే ధర మీద, ఒక పాఠం రాస్తున్నాను. ‘కాస్ట్ ఆఫ్ క్యారీ’ దగ్గర ఆగిపోయాను. నా ముందున్న ఇంగ్లీషు పాఠం చెప్పేదేమిటంటే, సరుకుకు నిల్వ ఖర్చు ఉంటే ఫార్వర్డ్ ధర పెరుగుతుంది, షేరుకు డివిడెండ్ ఉంటే తగ్గుతుంది, రెండూ ఒకే లెక్క. నిల్వ ఖర్చు అని రాస్తే గోదాము అద్దె ఒక్కటే గుర్తొస్తుంది, వడ్డీ కనిపించదు, డివిడెండ్ అసలు ఇమడదు. మీరైతే ఏమంటారు?

రమేశ్: క్యారీ అంటే మోయడమే కదా అండి, మోత ఖర్చు అనేయండి. లారీ కిరాయి, హమాలీ, తూకం కూలీ అన్నీ అందులోకి వచ్చేస్తాయి. మా వైపు యార్డులో సరుకు దింపితే ముందు అడిగేది అవే.

సుధాకర్: రమేశ్ గారూ, మీరు చెప్పింది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు చేర్చే ఖర్చు. పద్మజ గారు అడిగింది ఈ రోజు నుంచి నాలుగు నెలల తర్వాతకు చేర్చే ఖర్చు. సరుకు కదలదు, ఉన్న గోదాములోనే ఉంటుంది, కాలం ఒక్కటే నడుస్తుంది. మోత అని రాస్తే పిల్లలు కూడా మీలాగే లారీ వైపు వెళ్తారు.

కిరణ్: నాకు అర్థమైనంతలో ఫార్వర్డ్ ధర అంటే నాలుగు నెలల తర్వాత ధర ఎంత ఉంటుందని మార్కెట్ అనుకుంటోందో అది. పెరుగుతుందని అందరూ అనుకుంటే ఫార్వర్డ్ ఎక్కువ, తగ్గుతుందని అనుకుంటే తక్కువ. మధ్యలో ఈ ఖర్చుల గొడవ ఎందుకు?

సుధాకర్: కిరణ్, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను కొన్నేళ్లు సరుకుల వాయిదా వ్యాపారంలో పనిచేశాను, పసుపుతోనే చెప్తాను. సరుకుల ఎక్స్ఛేంజి ఎన్‌సీడెక్స్‌లో పసుపు కాంట్రాక్టుకు నిజామాబాదే కేంద్రం, ధర క్వింటాలుకు చెప్తారు, ఒక లాటు 5 టన్నులు. అంకెలు మాత్రం లెక్క కోసం నేను అనుకున్నవి, ఈ రోజు ధరలు కావు.

నిజామాబాద్‌లో పసుపు క్వింటాలు 14,000 ఉందనుకో. ఏడాదికి పదిశాతం వడ్డీకి అప్పు తెచ్చి ఇవాళే కొని గోదాములో పెట్టావు. నాలుగు నెలలకు వడ్డీ 467 అవుతుంది. గోదాము అద్దె నెలకు 40 చొప్పున 160, చివర్లో కడతావు. అంటే నాలుగు నెలల తర్వాత నీ చేతిలో ఉన్న క్వింటాలు నీకు 14,627కు పడింది.

```
14000 + 467 + 160 = 14627
```

ఇప్పుడు నాలుగు నెలల ఫార్వర్డ్ 15,000 పలుకుతోందనుకో. ఇవాళే సరుకు కొని, ఇవాళే ఆ 15,000కు ఫార్వర్డ్‌లో అమ్మేస్తావు. తర్వాత పసుపు పదివేలకు పడినా ఇరవైవేలకు ఎగిరినా నీకు అనవసరం, క్వింటాలుకు 373 ఖాయం, లాటుకు 18,650. ఇది చూసి నలుగురు కొంటారు, దాంతో ఇవాళ్టి ధర పెరుగుతుంది, ఫార్వర్డ్‌లో అమ్మేవాళ్లు ఎక్కువై ఆ ధర దిగుతుంది. మధ్య తేడా ఖర్చుల దగ్గరికి వచ్చేదాకా ఇది ఆగదు.

నువ్వన్న అంచనా ఎక్కడికీ పోదు, అది ఇవాళ్టి ధరలోకే ఎక్కుతుంది. నాలుగు నెలల్లో పసుపు 16,000 అవుతుందని అందరూ గట్టిగా నమ్మితే 14,000కు ఇవాళ అమ్మేవాడెవడు? ఇవాళ్టి ధరే 15,000 దాటుతుంది. రెండు ధరలూ కలిసి లేస్తాయి, మధ్య తేడా మాత్రం వడ్డీ, అద్దెల దగ్గరే ఉంటుంది.

కిరణ్: సరే, అయితే ఫార్వర్డ్ ఇవాళ్టి ధర కంటే తక్కువ ఉండటం నేను తెర మీద చూశాను కదా. ఖర్చులు ఎప్పుడూ కలిసేవే అయితే అలా ఎలా జరుగుతుంది?

సుధాకర్: మంచి ప్రశ్న. ఫార్వర్డ్ 13,900 ఉందనుకో, లెక్క ప్రకారం 727 తక్కువ. దీన్ని సరిచేయాలంటే ఎవరో ఇవాళ సరుకు అమ్మి, ఫార్వర్డ్‌లో కొని, నాలుగు నెలల తర్వాత మళ్లీ తెచ్చుకోవాలి. లేని పసుపును అమ్మలేం కాబట్టి ఇది సరుకు ఉన్నవాడే చేయాలి. ఆ సరుకు పసుపు పొడి మిల్లువాళ్ల దగ్గరుంటే వాళ్లు అమ్మరు, ఎందుకంటే అమ్మితే మిల్లు ఆగుతుంది, ఆర్డరు పోతుంది. సరుకు చేతిలో ఉండటమే వాళ్లకు ఆ 727 కంటే ఎక్కువ విలువ. అందుకే పైవైపు హద్దు గట్టిది, కిందివైపు హద్దు మెత్తది. సరుకు కొరత ఉన్నప్పుడు ఇది బాగా కనబడుతుంది.

ఇంకోటి, మధ్యలో కొత్త పంట పడితే ఈ లెక్క పనిచేయదు. కొత్త పసుపు సంవత్సరం మొదటి నెలల్లో యార్డుకు వస్తుంది. నవంబరులో పాత సరుకు కొరతగా ఉంటే ధర పైన ఉంటుంది, మే నెల కాంట్రాక్టు దాని కంటే చాలా కింద ఉండొచ్చు. ధర పడిపోతుందని తెలిసీ పాత సరుకును పంట దాటించి మేదాకా దాచేవాడు ఉండడు. అక్కడ మాత్రం నువ్వు మొదట అన్నదే ఎక్కువ పనికొస్తుంది, కొత్త పంట ఎంత వస్తుందనే అంచనాయే ఆ ధరను నడుపుతుంది.

లక్ష్మి: మాది గుంటూరు దగ్గర. మేం మిర్చి కోల్డ్ స్టోరేజిలో పెడతాం కాబట్టి ఈ లెక్క మాకు బాగా తెలుసు, పేరు మాత్రం ఇప్పుడే విన్నాను. మేం కట్టే అద్దె నెలకింత అని కాదు, సీజను మొత్తానికి టిక్కీకి, అంటే బస్తాకు, ఇంత అని. అంటే లోపల పెట్టగానే అద్దె అయిపోయినట్టే. ఆ తర్వాత ఇంకో నెల ఆపాలా వద్దా అని ఆలోచించినప్పుడు వడ్డీ ఒక్కటే చూసుకోవాలి, అది కూడా సరుకు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మీద. మావాళ్లు ప్రతి నెలా ఆ అద్దెను కూడా మళ్లీ కలుపుకుని లెక్క వేసేవాళ్లు, నేను వద్దని పోట్లాడేదాన్ని. సుధాకర్ గారూ, నేను అనేది సరైనదేనా?

సుధాకర్: పూర్తిగా సరైనదే అమ్మా. మార్చిలో పెట్టాలా వద్దా అనే లెక్కలో అద్దె మొత్తం ఉంటుంది. పెట్టేశాక జూలైలో ఉండి ఆగస్టుకు లెక్క వేస్తే ఆ అద్దె రాదు, ఎందుకంటే అమ్మినా అమ్మకపోయినా అది వెనక్కి రాదు. నెలకింత అని కట్టే గోదాములో మాత్రం వస్తుంది. అద్దె ముందే కడితే దాని మీదా వడ్డీ పడుతుంది, నేను చెప్పిన పసుపులో 160 ముందే కడితే ఐదు రూపాయలు అదనం.

కానీ మీరు ఒకటి రాయలేదు, తరుగు. సరుకు ఎండి బరువు తగ్గుతుంది. నా పసుపు లెక్కలో నాలుగు నెలలకు ఒక శాతం పోయిందనుకోండి. 14,627 ఖర్చుపెట్టి దాచిన క్వింటాలు 99 కిలోలే ఉంటుంది, కాబట్టి పూర్తి క్వింటాలు అప్పగించాలంటే 14,627ను 0.99తో భాగించాలి, 14,775 వస్తుంది. ఆ ఒక్క శాతమే 148 తిన్నది, దాదాపు నాలుగు నెలల అద్దె అంత. ఇందాక 373 అన్న లాభం 225కు దిగింది, లాటుకు 11,250. కాగితం మీద లాభం కనబడి చేతికి రాకపోయిన చోట్ల నేను చూసిన కారణాల్లో తరుగూ, నాణ్యత పరీక్షలో సరుకు నిలబడకపోవడమూ ముందుంటాయి. ఫార్వర్డ్ ధర ఖర్చుల కంటే పైన ఉందని ఎవరైనా చూపిస్తే, ముందు తరుగు కలిపారా అని అడగాలి.

పద్మజ: ఇదంతా సరుకుల సంగతి. డివిడెండ్ దగ్గరికి రండి, నాకు పదం కుదరనిది అక్కడే.

సుధాకర్: షేరుకు గోదాము లేదు, తరుగు లేదు, వడ్డీ ఉంది. పైగా పట్టుకుని కూర్చున్నందుకు అదే మనకు డబ్బు ఇస్తుంది. 500 రూపాయల షేరు, తొమ్మిది శాతం వడ్డీ, రెండు నెలల ఫార్వర్డ్ అనుకుందాం. వడ్డీ 7.50. నెల తర్వాత 8 రూపాయల డివిడెండ్ చేతికొస్తుంది, దాన్ని మిగతా నెల వడ్డీకి తిప్పితే 8.06.

```
500 + 7.50 - 8.06 = 499.44
```

ఫార్వర్డ్ ఇవాళ్టి ధర కంటే కిందికి వచ్చింది. కంపెనీ మీద ఎవరికీ చెడ్డ అంచనా లేదు. ఫార్వర్డ్‌లో కొన్నవాడికి డివిడెండ్ రాదు, షేరు పట్టుకున్నవాడికి వస్తుంది, ఆ తేడానే ఇది.

కిరణ్: దీని వల్లే నేను పోయినసారి గందరగోళపడ్డాను! ఫ్యూచర్స్, అంటే ఎక్స్ఛేంజిలో నడిచే ఫార్వర్డ్, కింద ఉంటే ఏదో చెడు వార్త ఉందని అనుకునేవాణ్ని. అయితే పెద్ద డివిడెండ్ ఇస్తే తేడా ఇంకా పెరగాలి కదా, ఒకసారి అలా కనబడలేదు.

సుధాకర్: మన దగ్గర షేరు ధరలో రెండు శాతం, అంతకు మించిన డివిడెండ్ అయితే ఎక్స్ఛేంజి కాంట్రాక్టునే సర్దుతుంది, కొన్నవాడికి ఆ మొత్తం నష్టం కాకుండా. అప్పుడు దాన్ని ధరలోంచి తీసేయకూడదు, తీస్తే రెండుసార్లు తీసినట్టు. నా లెక్కలో 8 అంటే 1.6 శాతం, అందుకే తీశాను. 12 అయి ఉంటే 2.4 శాతం, అప్పుడు తీయకూడదు.

నాగేశ్వరరావు: మాటకొస్తే, పద్మజ గారూ, ‘భరింపు వ్యయం’ అనండి. చక్కగా ఉంటుంది, ఏ ఖర్చైనా అందులో పడుతుంది.

లక్ష్మి: ఆ మాట మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదండి. మేం సరుకు ఆపుకున్నాం అంటాం. ఆపితే పడే ఖర్చు అంటే చాలదా?

పద్మజ: లక్ష్మి గారి మాట నాకు నచ్చింది. పాఠంలో “వస్తువును ఆ తేదీదాకా ఆపితే పడే నికర ఖర్చు” అని రాసి, వడ్డీ, అద్దె, తరుగు కలిపి, ఆపినందుకు వచ్చే డివిడెండ్‌ను తీసేయాలని కింద చెప్తాను. ‘నికర’ పెడితే డివిడెండ్ ఇముడుతుంది అనుకుంటున్నాను.

నాగేశ్వరరావు: అది వివరణ అయింది, పదం కాలేదు. పట్టికలో ఒక గడిలో ఎలా రాస్తారు? పైగా డివిడెండ్ వడ్డీ కంటే ఎక్కువైతే నికర ఖర్చు సున్నా కంటే కిందికి పోతుంది. సుధాకర్ గారి షేరు లెక్కలో అదే జరిగింది, మైనస్ 56 పైసలు. అది ఖర్చా, ఆదాయమా?

సుధాకర్: మైనస్ గుర్తుతో ఖర్చు అనే రాస్తారు, వ్యాపారంలో ఎవరూ దానికి వేరే పేరు వాడటం నేను వినలేదు. పద్మజ గారూ, మిల్లువాళ్ల సంగతి కూడా ఆ నిర్వచనంలో ఎక్కడో చెప్పాలి. సరుకు చేతిలో ఉన్నందుకు వాళ్లకు కలిగే లాభం ఏ రసీదులోనూ కనబడదు, ఎంత అని ముందుగా లెక్క వేయలేం, ఫార్వర్డ్ ధర ఖర్చుల కంటే ఎంత కిందుందో చూసి వెనక్కి లెక్కగట్టుకోవాల్సిందే. వడ్డీ, అద్దెల పక్కన దాన్ని కూడా ఒక వరుసగా రాస్తే పిల్లలు అది కూడా బిల్లులో దొరికే అంకె అనుకుంటారు.

పద్మజ: దాన్ని వేరే పేరా చేస్తాను. గడిలో పెట్టే మాట మాత్రం ఇంకా కావాలి, ఎవరికైనా తడితే రాయండి.