‘వాకిట్లో నిలబడి ఉన్నారు’: ఎవరు? సీరియల్లో వారం రోజులు కర్త లేకుండా నిలిచిన వాక్యం

పాతబైండు, సీతమ్మధార

అందరికీ నమస్కారం. ఒక్క వాక్యం గురించి అడగాలి, కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

మా పెద్దమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, నవల పూర్తయ్యాక పూర్ణా మార్కెట్ వైపు ఎక్కడో బైండు చేయించేది. అందులో ఒకటి నా దగ్గరుంది. అదే నవల పుస్తకంగా వచ్చింది, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. నవల పేరు చెప్పను, చదవనివాళ్ళకి కథ పాడైపోతుంది.

కథలో కోడలు రెండు విషయాలు దాస్తుంది. నగలు తాకట్టు పెట్టిన సంగతి ఒకటి, భర్త దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి. నగల విషయం మామగారు కనిపెట్టేలా ఉంటారు, ఉత్తరం విషయం పక్కింటి టీచరమ్మగారికి తెలుసు. ఒక వారం భాగం ఇలా ఆగింది:

‘గడియ తీసింది. వాకిట్లో నిలబడి ఉన్నారు. “ఇంకా ఎన్నాళ్ళు దాస్తావమ్మా?” అన్నారు.’

కింద సశేషం. పుస్తకంలో మాత్రం ‘వాకిట్లో మామగారు నిలబడి ఉన్నారు. చేతిలో కవరు ఉంది’ అని ఉంది, ఆ తర్వాతే ప్రశ్న. అంటే పుస్తకం చదివినవాళ్ళకి వచ్చిందెవరో, అడిగింది దేని గురించో అనుమానమే రాదు. సీరియల్ చదివినవాళ్ళకి రెండూ తెలియవు. పుస్తకంలో రచయిత్రి మార్చారా, లేక పత్రికవాళ్ళే అప్పట్లో కోసేశారా? మీకేమనిపిస్తుంది?

గాజువాక కుర్రాడు

సస్పెన్స్ కోసం అండి, అంతే. క్లిఫ్‌హ్యాంగర్ అన్న మాటే థామస్ హార్డీ నవల నుంచి వచ్చింది. హీరోని కొండ అంచున వేలాడదీసి అక్కడ ఆపేశాడు, జనం నెల రోజులు టెన్షన్‌తో చచ్చారు. మనవాళ్ళు అదే పట్టుకున్నారు. ఇందులో భాష ఏముంది, ఎక్కడ ఆపాలో తెలియడమే కదా.

మహారాణిపేట మాస్టారు

తమ్ముడూ, కొండ అంచు సన్నివేశం నిజమే. ‘ఎ పెయిర్ ఆఫ్ బ్లూ ఐస్’ అనే ఆ నవల 1872-73లో టిన్స్‌లీస్ మ్యాగజైన్‌లో నెలనెలా వచ్చింది. కానీ ఆ మాట వాడుకలోకి వచ్చింది 1930ల్లో, అమెరికాలో సినిమాలు భాగాలుగా ఆడిన రోజుల్లో. ఆ మాటకి పేరు పెట్టింది హార్డీ అని చెప్పలేం. ఇక మనవాళ్ళు పట్టుకోవడం అంటావా, తెలుగులో మొదటి నవలల్లో ఒకటైన ‘రాజశేఖర చరిత్రము’ కూడా 1878లో వివేకవర్ధనిలో విడతలుగానే వచ్చింది. విడతలు మనకి నవలతోపాటే వచ్చాయి.

భాష ఏముంది అన్నావు, ఉన్నదంతా అక్కడే. ‘ఉన్నాడు’ అంటే మగవాడని తేలిపోతుంది. ‘ఉంది’ అంటే ఆడమనిషి, లేదా వస్తువు. ‘ఉన్నారు’ అంటే ఏమీ తేలదు. ఒక పెద్దాయన కావచ్చు, ఒక పెద్దావిడ కావచ్చు, నలుగురు కలిసి రావచ్చు. తెలుగులో కర్త చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది, మర్యాద పెడితే ఆడామగా తేడా కూడా పోతుంది. ఈ రెండూ కలిస్తే ఒక మనిషిని వారం రోజులు గుమ్మం ముందు ముఖం కనపడకుండా నిలబెట్టొచ్చు, పాఠకుడికి దాచిపెట్టినట్టు కూడా అనిపించదు. ఇంగ్లీషులో ఇదే చేయాలంటే ఎవరో ఒక వ్యక్తి అనో, ఒక ఆకారం అనో రాయాలి, రాయగానే దాస్తున్నారని తెలిసిపోతుంది. ‘దాస్తావమ్మా’ కూడా అంతే, కర్మ లేదు. దేన్ని దాస్తావు? నగలనుకున్నవాళ్ళకి వచ్చింది మామగారు, ఉత్తరమనుకున్నవాళ్ళకి టీచరమ్మగారు. ఆ అమ్మాయి మీద జాలి పడాలా భయపడాలా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

పాతబైండు గారూ, ఆ తర్వాతి వారం పైన ‘జరిగిన కథ’ ఉంటుంది కదా, అందులో ఏం రాశారో చూడండి.

ఉషోదయం

నాకు తెలిసి ‘సశేషం’ అన్నదే సరైన మాటండి. కొన్ని పత్రికల్లో ‘ఇంకా ఉంది’ అని వేసేవారు, అదీ తప్పు కాదు.

నేను ఒక యాప్‌లో ఆదివారం ఆదివారం ఒక భాగం పెడుతున్నాను. ఒకసారి ‘అర్ధరాత్రి ఫోన్ మోగింది. తనే.’ అని ఆపాను. నా మనసులో తను అంటే హీరోయిన్ చెల్లెలు. చదివేవాళ్ళలో చాలామంది మాజీ భర్త అనుకున్నారు, వాడు మారిపోయాడని, క్షమించమని అడగడానికే చేశాడని వారమంతా కామెంట్లలో రాసుకున్నారు. చెల్లెలు అని తేలగానే కోపం వచ్చింది వాళ్ళకి. విచిత్రం ఏంటంటే ఆ తర్వాత మాజీ భర్త వచ్చిన ప్రతి భాగంలోనూ అతన్ని మెత్తగా చదవడం మొదలుపెట్టారు. నేను అతని గురించి ఒక్క మంచి మాట రాయలేదు. మొత్తం ఒకేసారి చదివినవాళ్ళు మాత్రం వాడు దుర్మార్గుడే అంటారు. మాస్టారూ, మీరు చెప్పిన జాలి, భయం మాట చదివాక ఇది గుర్తొచ్చింది.

పాతబైండు, సీతమ్మధార

ఉషోదయం గారూ, నేను అడిగింది సశేషం గురించి కాదు గానీ, మీరు చెప్పింది మాత్రం సరిగ్గా అడిగినదానికే తగిలింది.

మాస్టారూ, ‘జరిగిన కథ’ చూశాను. ఇది నేను ఊహించలేదు. అందులో ‘నగలు తాకట్టు పెట్టిన సంగతి మామగారికి తెలిసిపోయింది’ అని ఉంది! కానీ అదే పేజీలో కింద మొదలైన భాగంలో మామగారు కవరు బల్ల మీద పెట్టి, ఉత్తరం గురించే అడుగుతారు. నగల ఊసు ఇంకో మూడు భాగాల దాకా రాదు. అంటే జరిగిన కథ రాసినవాళ్ళు కూడా ఆ వారం మామూలు పాఠకుడిలాగే ఒక పక్కకి ఊహించి, ఊహని జరిగిపోయినట్టు అచ్చేశారు.

మహారాణిపేట మాస్టారు

అందుకే చూడమన్నాను. జరిగిన కథ చాలాచోట్ల ఆఫీసులో సబ్ ఎడిటర్ రాసేవారు. నాలుగు వాక్యాల్లో చెప్పాలి, ‘వచ్చిందెవరో, అడిగిందేమిటో తెలియదు’ అని రాస్తే కుదరదు, ఏదో ఒకటి తేల్చాలి. కొత్తగా ఆ వారమే పత్రిక కొన్నవాళ్ళు అది చదివే లోపలికి వెళ్తారు. వాళ్ళ దృష్టిలో మామగారు నగల గురించి తెలిసి కూడా ముందు ఉత్తరం ఎత్తిన మనిషి. అంటే మాటలు దాచుకునే ఘటికుడు. పుస్తకంలో ఆయన చేతిలో కవరు పట్టుకుని నేరుగా అడిగిన మనిషి. ఒకే పాత్ర, రెండు స్వభావాలు.

ఎదురుచూపు మాటకి అర్థం ఎలా పెంచుతుందో చూపించే చోటు ఇంకొకటి చెప్తాను. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఆల్ ద ఇయర్ రౌండ్ అనే వారపత్రికలో 1860 డిసెంబర్ 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా 36 వారాలు వచ్చింది. 44వ అధ్యాయం చివర పిప్ రాత్రివేళ అలసిపోయి ఇంటికి చేరతాడు, గేటు దగ్గర కాపలావాడు చీటీ ఇస్తాడు, లాంతరు వెలుగులో విప్పి చూస్తే ‘ఇంటికి వెళ్ళొద్దు’ అని ఉంటుంది. జూన్ 1 సంచిక అక్కడ ఆగింది. ఎందుకు వెళ్ళొద్దు? ఇంట్లో ఎవరున్నారు? జూన్ 8 సంచికలో జవాబు వెంటనే రాదు. పిప్ ఒక హోటల్లో గది తీసుకుంటాడు, నిద్ర పట్టదు, ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, చివరికి బడిపిల్లవాడు క్రియారూపాలు వల్లించినట్టు దాన్ని అన్ని పురుషల్లోనూ వల్లిస్తాడు. పుస్తకంలో పేజీ తిప్పగానే ఇది వస్తే రచయిత సరదాగా రాశాడనిపిస్తుంది. వారం రోజులు అదే మాట తలలో పెట్టుకుని తిరిగినవాడికి మాత్రం అది తన అవస్థే. పిప్‌కి ఒక్క రాత్రి, పాఠకుడికి ఏడు.

గాజువాక కుర్రాడు

అది తెలుగులో ఎలా వల్లిస్తాం మాస్టారూ? నువ్వు వెళ్ళొద్దు, వాడు వెళ్ళొద్దు, మనం వెళ్ళొద్దు. ‘వెళ్ళొద్దు’ మారదు కదా!

మహారాణిపేట మాస్టారు

మంచి ప్రశ్న. ‘వద్దు’ని వదిలేసి వెళ్ళకు, వెళ్ళకండి, వెళ్ళకూడదు, వెళ్ళలేను, వెళ్ళను అని పోవాలి. అప్పుడు వేరొకరు ఇచ్చిన ఆజ్ఞ మెల్లగా తన నిస్సహాయత అవుతుంది, అదీ బాగానే ఉంటుంది. కానీ చీటీలో ఉన్న మాటే తిరుగుతోందన్న భావం కొంత పోతుంది. నాకు దీనికి పూర్తి జవాబు లేదు.

డాబాగార్డెన్స్ ప్రూఫు

నేను అచ్చు పనిలో ఉన్నవాణ్ణి. కోసింది ఎవరు అన్నదానికి ఒక చిన్న ఆధారం ఉంటుంది. సశేషం కింద ఖాళీ ఉందా, ఏమైనా వేశారా? పేజీకి మ్యాటర్ ఎక్కువైతే చివర్లో నాలుగు లైన్లు తీసేయడం ఉండేది, అలాంటప్పుడు సశేషం పేజీ అట్టడుగున ఇరుక్కుని ఉంటుంది. మ్యాటర్ తక్కువైతే కింద ఒక జోకో చిట్కానో పెట్టి నింపేవారు.

పాతబైండు, సీతమ్మధార

కింద చిట్కా ఉంది! చింతపండు పురుగు పట్టకుండా ఏం చేయాలో.

డాబాగార్డెన్స్ ప్రూఫు

అయితే చోటు చాలక కోసింది కాదు. ‘మామగారు’, ‘చేతిలో కవరు ఉంది’ రెండూ పట్టేవి. రచయిత్రే కావాలని వదిలారని నేనంటాను. పుస్తకానికి ఇచ్చేటప్పుడు మళ్ళీ పెట్టారు.

మహారాణిపేట మాస్టారు

చాలావరకు ఒప్పుకుంటాను. అయితే సస్పెన్స్ కోసం ఎడిటర్ ఆ రెండు ముక్కలూ తీసేసినా కింద చోటు మిగులుతుంది, చిట్కా పడుతుంది. చోటు చాలకపోవడం ఒక్కటే కోతకి కారణం కాదు.

పుస్తకంలో తిరిగి పెట్టడం మాత్రం నాకు నచ్చింది. కింద లైన్లోనే తేలిపోయే విషయాన్ని పైలైన్లో దాస్తే అది కృతకంగా ఉంటుంది.

ఉషోదయం

నేను ఒప్పుకోను మాస్టారూ. గడియ తీసిన క్షణంలో ఆ పిల్లకి కూడా ముందు కనపడింది ఎవరో పెద్దవాళ్ళు అన్న సంగతే. ఎవరన్నది తర్వాత. ‘నిలబడి ఉన్నారు’ అని ఆగడం ఆమె కంగారు. పుస్తకంలో మామగారిని ముందే చెప్పేసి ఆ కంగారుని తీసేశారు.

పాతబైండు, సీతమ్మధార

నేను ఉషోదయం గారి వైపే మొగ్గుతున్నాను గానీ, అప్పటి పాఠకులు ఎలా చదివారో చూడకుండా తేల్చలేను. మా పెద్దమ్మ సీరియల్ పేజీలే ఉంచింది, పాఠకుల ఉత్తరాల పేజీ పారేసింది. పత్రిక ముందుగానే తయారవుతుంది కాబట్టి ఆ వారం మీద వచ్చిన ఉత్తరాలు కొన్ని సంచికలు ఆగి అచ్చయి ఉండాలి. మామగారు అనుకున్నారా, టీచరమ్మగారు అనుకున్నారా, జరిగిన కథలో పొరపాటు ఎవరైనా పట్టారా అన్నది అక్కడే దొరకాలి. పాత వారపత్రికలు చింపకుండా సంచికలుగా దాచినవాళ్ళు వైజాగ్‌లో గానీ, విజయనగరం, శ్రీకాకుళం వైపు గానీ ఉంటే విడిగా మెసేజ్ పెట్టండి, పత్రిక పేరు, ఏడాది అప్పుడు చెప్తాను.