అప్‌డేట్: తమ్ముడి జీతం ఖాతా గురించి

అప్పుడు నేను అడిగింది: "గాజువాకలో ఉండే తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలో అప్పులపాలయ్యాడు. వాడి ఏటీఎం కార్డు నేను తీసేసుకోవాలా?"

కార్డు తీసుకోలేదు. పిన్, ఓటీపీ కూడా అడగలేదు. ఇద్దరం బ్యాంకుకెళ్లి జాయింట్ ఖాతా తెరిచాం. ఫారంలో "ఇద్దరిలో ఎవరైనా" కాకుండా "ఇద్దరూ కలిసి" అన్నది ఎంచుకున్నాం. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి, కాబట్టి వాడొక్కడూ తీయలేడు, నేనొక్కదాన్నీ తీయలేను. మా బ్యాంకులో దీనికి ఏటీఎం కార్డు, యూపీఐ ఇవ్వరు. మాకు కావాల్సిందీ అదే.

జీతం 38,000. అది పడే రోజే 23,500 ఆ ఖాతాకి వెళ్లేలా వాడే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాడు. అందులోంచి అద్దె 9,000, ఈఎంఐలు 14,500 పోతాయి. మిగతా 14,500 వాడిదే, లెక్క అడగను. (అమ్మ అడుగుతుంది, అది వేరే గొడవ.)

ఇది తాళమేమీ కాదు. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ వాడు ఎప్పుడైనా ఆపేయగలడు. అసలు టెన్షన్ లోన్ యాప్‌లతోనే. అందుకే ఆదివారం వాడే ఫోన్‌లో జీతం ఖాతా స్టేట్‌మెంట్ తెరుస్తాడు, ఇద్దరం చూస్తాం. ఖర్చుల కంటే ముందు, తెలియని పేరుతో జమ ఏమైనా పడిందా అని చూస్తాం. ఒకసారి 5,000 కనిపించింది, అది లోన్ యాప్ ఇచ్చిన అప్పే. తిట్టలేదు. ఆ డబ్బు నేరుగా ఆ లోన్ ఖాతాకే కట్టించాం. క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది కదా, అదీ వాడే తీశాడు. మాకు చెప్పని ఇంకో అప్పు అందులో బయటపడింది.