‘కోనసీమలో తప్పక చూడాల్సిన 10 చోట్లు’: ఈ శీర్షిక సరేనా?

అమలాపురం అమ్మాయి: కాలేజీ పత్రికకి రాస్తున్నానండి. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లు ఒక్కరోజులో తిరిగి వెళ్లేలా ఉండాలి. నా వరుస ఇది: కొబ్బరి తోటలు, అంతర్వేది గుడి, అంతర్వేది సంగమం, అంతర్వేది బీచ్, దిండి, దిండి హౌస్‌బోట్లు, పచ్చని పొలాలు, అయినవిల్లి, ధవళేశ్వరం ఆనకట్ట, ఆత్రేయపురం పూతరేకులు. శీర్షికలో ఆ ‘తప్పక చూడాల్సిన’ అన్న మాట బావుందా?

పాలకొల్లు మాస్టారు: ‘చూడవలసిన’ అనాలమ్మా. ‘చూడాల్సిన’ మాట్లాడుకోడానికి సరే గానీ అచ్చులో బావుండదు.

రాజోలు పెద్దాయన (పత్రికలో సబ్ ఎడిటరుగా చేసి రిటైరయ్యారు): మాస్టారూ, ఇప్పుడు అచ్చులో రెండూ నడుస్తున్నాయండి. అసలు చిక్కు ‘10’తో. అమ్మాయ్, నీ పదిలో అంతర్వేదే మూడుసార్లు ఉంది. గుడి చూసినవాడు సంగమానికి, బీచ్‌కి ఎలాగూ వెళ్తాడు, అవి వేరే ప్రయాణాలు కావు. ఆ మూడూ ఒకటి చెయ్. దిండి, హౌస్‌బోటు ఒకటి చెయ్. కొబ్బరి తోటలు, పొలాలు దారిపొడుగునా ఉంటాయి. వాటికోసం ఎవడూ కారు ఆపి చిరునామా అడగడు, తీసెయ్. ఇక మిగిలేవి అయిదు.

అమ్మాయి: అయిదేనా! పది కావాలన్నారండి మా వాళ్లు.

రావులపాలెం కుర్రోడు: పది ఉంటేనే జనం చదువుతారండి. పైగా బెస్ట్‌ది మొదట పెట్టాలి, అంటే అంతర్వేదే ఒకటో నెంబరు.

పెద్దాయన: పది దాకా ఎవరు చదువుతారన్నది అలా ఉంచు. బెస్ట్‌ది మొదట అన్నావే, ఉన్నవాటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నువ్వన్నదే రైటు. ఇక్కడ వాడు అన్నీ చూడ్డానికి బయల్దేరాడు. రాజమండ్రి నుంచి వచ్చినవాణ్ణి ముందు సముద్రం ఒడ్డుకి పంపి, మళ్లీ వెనక్కి ఆత్రేయపురం పంపుతావా? దారి ఎలా ఉంటే జాబితా అలా ఉండాలి. ముందు ధవళేశ్వరం, ఆనకట్ట దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం, రావులపాలెం మీదుగా అయినవిల్లి. రాజోలు దాటాక దిండి, చివర అంతర్వేది.

నరసాపురం అక్క: మాకు ఇది తలకిందులండోయ్. మేం సఖినేటిపల్లి రేవుకి పంటు మీద వస్తాం, మాకు అంతర్వేదే మొదలు. వరదలొస్తే పంటు కూడా ఆపేస్తారు.

పెద్దాయన: ఆయ్, అది నాకు తట్టలేదు. అమ్మాయ్, శీర్షిక కిందే ‘రాజమండ్రి నుంచి బయల్దేరేవాళ్లకి’ అని ఒక ముక్క రాసెయ్. అది లేకపోతే ఈ వరుస ఎందుకో తెలీదు.

కుర్రోడు: మరి లొల్ల లాకులు? ఆత్రేయపురం పక్కనే కదండీ, దాన్లో కలిపేస్తారా?

పెద్దాయన: కలపను. పక్కనే ఉన్నా వేరే పని మీద ఆగుతాం. ఒకచోట తినేది కొనుక్కుంటాం, ఇంకోచోట కాలువ లాకులు చూస్తాం. అంతర్వేదిలో అలా కాదు, ఒకసారి దిగితే అన్నీ అయిపోతాయి. లొల్లతో ఆరయ్యాయి.

అమ్మాయి: అయినవిల్లి గురించి ఇలా రాశాను: ‘ప్రకృతి అందాలకు నెలవై, భక్తుల పాలిట కొంగుబంగారమై విరాజిల్లుతున్న పుణ్యక్షేత్రం.’

పెద్దాయన: ఇందులో అయినవిల్లి తీసేసి అంతర్వేది పెట్టు. వాక్యం చెక్కు చెదిరిందా? లేదు కదా. ఏ ఊరికైనా అతికే మాట చదివేవాడికి పనికిరాదు. ‘సిద్ధివినాయకుడి గుడి. మధ్యాహ్నం తలుపులు వేసేలోగా చేరండి. పరీక్షల ముందు పిల్లలతో రద్దీగా ఉంటుంది’ అని రాయి, చాలు. పూతరేకులకీ ‘నోట్లో వేసుకోగానే కరిగిపోతాయి’ అని రాసుంటావ్.

అమ్మాయి: రాశానండి 🙈

పెద్దాయన: అది తెలియనివాడు మన జిల్లాలో లేడు. పంచదారవి, బెల్లంవి విడివిడిగా దొరుకుతాయనీ, సంచి అడుగున పెడితే పొడైపోతాయి కాబట్టి గట్టి డబ్బాలో తీసుకోమనీ రాయి.

మాస్టారు: ధవళేశ్వరం కోనసీమ ఎలా అవుతుందండీ? అది నదికి అవతల, తూర్పుగోదావరి జిల్లాలో ఉంది.

పెద్దాయన: నిజమే. కానీ కాటన్ దొర ఆనకట్ట లేకపోతే ఈ కాలువలూ, ఆ లాకులూ ఎక్కడివి? దారి అక్కడే మొదలవుతుంది కూడా.

మాస్టారు: ఎక్కడివన్నది చరిత్ర. శీర్షికలో కోనసీమ అన్నాక బయటిది పెట్టకూడదు. శీర్షికన్నా మార్చండి, దాన్నన్నా తియ్యండి.

అక్క: శీర్షిక మార్చడమే నయం. ‘ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా’ అనండి, ‘తప్పక’ కూడా పోతుంది.

పెద్దాయన: నేనైతే కోనసీమ పేరు వదలను. ఆ పేరు చూసే చదువుతారు.

అమ్మాయి: ‘రాజమండ్రి నుంచి కోనసీమకి ఒక్కరోజులో: ఆరు మజిలీలు’ అని పంపుతున్నానండి. మా వాళ్లు పదే కావాలంటే మళ్లీ ఇక్కడికే వస్తాను.