ఫొటో చూసి చెప్పండి: ఈ బూట్లు పాపకు ఇంకా సరిపోతాయా?

పాపకు 20 నెలలు. మొదటి ఫొటోలో బూటు అడుగుభాగం ముందు అంచు అరిగి నున్నగా ఉంది, మడమ వైపు గీతలు చెక్కుచెదరలేదు. రెండోది లోపలి అట్ట: బొటనవేలి అచ్చు దాదాపు అంచు దాకా పడింది. మూడోది బూటు విప్పగానే తీసింది, చిటికెనవేలు పక్కవేలి కిందికి ముడుచుకుంది, పైన ఎర్రటి గీత.

అట్ట బయటికి తీసి, దాని మీద పాపను నిలబెట్టి కొలిచాను. కూర్చోబెట్టి కొలిస్తే పాదం పొట్టిగా కనిపిస్తుంది కదా. ముందు మిగిలిన జాగా ఎడమకు 6 మిల్లీమీటర్లు, కుడికి 3. కొత్త బూట్లలో సుమారు 12 ఉండాలంటారు.

కుడిది బిగుతే అనుకుంటున్నాను. నా సందేహం అరుగుదల గురించి: అది వేళ్లు ఇరుకై వచ్చిందా, లేక పాకేటప్పుడు, మునివేళ్ల మీద నడిచేటప్పుడు రాసుకుందా? చిటికెనవేలు ముడుచుకుందంటే పొడవు పెంచితే చాలా, వెడల్పాటివి కూడా తీసుకోవాలా?