చిన్నయ్య వర్సెస్ రామయ్య బ్రీఫ్‌లో 653 రూపాయలు రాయాలా వద్దా?

శ్రావ్య_లా: కాంట్రాక్ట్స్‌కి కేస్ బ్రీఫ్ రాయమన్నారు. ఫ్యాక్ట్స్, ఇష్యూ, రూల్, రీజనింగ్, హోల్డింగ్, అంతా ఒకే పేజీలో. కేసు చిన్నయ్య వర్సెస్ రామయ్య, మద్రాస్ హైకోర్టు, తీర్పుల సంపుటి ఐఎల్ఆర్ 4 మద్రాస్ 137. నా ఫ్యాక్ట్సే ముప్పావు పేజీ అయిపోయాయి. ఏది తీసెయ్యాలి? వాదికి కట్టాల్సిన భృతి ఏడాదికి 653 రూపాయలు అనే అంకె ఉంచాలా?

మార్కులశాస్త్రి: ఉంచు. మా ఇంటర్నల్స్‌లో ఆ అంకె రాయలేదని నాకు ఒక మార్కు కోసేశారు. దిద్దేవాళ్ళు చూసేది అదే, కేసు చదివావా లేదా అని. రూల్ దగ్గర ఒక్క లైన్ చాలు, మూడో వ్యక్తి కూడా దావా వెయ్యొచ్చు అని రాసెయ్.

పెన్నాతీరం: ముందు వాది ఎవరో తేల్చండి. నా దగ్గరున్న ఒక పుస్తకంలో కూతురికి భూమి రాసిచ్చిన ముసలావిడ చెల్లెలు అని ఉంది, ఇంకోదాంట్లో తమ్ముడు అని ఉంది. ఏది రాయాలి?

కోర్టుహాల్3: అమ్మా శ్రావ్యా, ఒక్కో ఫ్యాక్ట్ తీసేసి చూడు, తీర్పు మారుతుందా లేదా అని. 653 తీసేసి 500 పెట్టు, ఏమీ మారదు. కాబట్టి 'ఏటా కొంత భృతి' అంటే సరిపోతుంది. అదే, కూతురు అదే రోజు వాది పేరు మీద విడిగా ఒప్పందం రాసిచ్చింది చూడు, అది తీసెయ్, కేసు కుప్పకూలుతుంది. తల్లి భూమి కూతురికి గిఫ్ట్ ఇచ్చింది, భృతి కట్టాలని ఆ డీడ్‌లోనే షరతు పెట్టింది, కూతురు వాదికి రాసిచ్చింది, తర్వాత కట్టలేదు, వాది నుంచి నాకేమీ ముట్టలేదు కదా అని డిఫెన్స్. ఫ్యాక్ట్స్ ఇంతే, నాలుగు వాక్యాలు.

మార్కులశాస్త్రి గారూ, మీరు రాయమన్న రూల్ తప్పు. ఆ కేసులో వాది ఒప్పందానికి మూడో వ్యక్తి కాదు, పార్టీయే. కూతురు సంతకం పెట్టింది వాదికే. బయటివాళ్ళ నుంచి వచ్చింది కన్సిడరేషన్, అంటే మాటకి బదులుగా ముట్టిన విలువ, అది మాత్రమే.

గిఫ్ట్‌డీడ్_గోల: ఇది అచ్చం మా ఇంటి కథ అండీ. మా అమ్మమ్మ ఇల్లు మామయ్యకి గిఫ్ట్ రాసింది, చెల్లెలికి అంటే మా అమ్మకి నెలనెలా డబ్బివ్వాలని నోటితో చెప్పింది, అందరి ముందూ సరే అన్నాడు, రెండేళ్ళు ఇచ్చి మానేశాడు. అంటే ఈ కేసు పెట్టి గెలవొచ్చా?

కోర్టుహాల్3: మామయ్య సరే అన్నది అమ్మమ్మతోనా, మీ అమ్మతోనా? డీడ్‌లో ఏముంది? ఈ కేసులో ఉన్న ఆ రెండో కాగితం మీ దగ్గర లేదు, అందుకే అచ్చం అనకండి. డీడ్ పట్టుకెళ్ళి దగ్గర్లో లాయర్‌కి చూపించండి, ఇక్కడ తేలదు.

మార్కులశాస్త్రి: సార్ మీరు మరీ సాగదీస్తున్నారు. మూడో వ్యక్తి అన్నా కన్సిడరేషన్‌కి మూడో వ్యక్తి అన్నా పేపర్ దిద్దేవాళ్ళకి ఒకటే. పదేళ్ళ నుంచి అందరూ అదే రాస్తున్నారు పాసవుతున్నారు.

కోర్టుహాల్3: ఒకటి కాదు. ఇంగ్లండ్‌లో 1861 ట్వెడిల్ వర్సెస్ అట్కిన్సన్ తీసుకోండి. పెళ్ళికొడుకు తండ్రీ పెళ్ళికూతురు తండ్రీ వాళ్ళిద్దరే ఒప్పుకున్నారు అబ్బాయికి డబ్బిద్దామని, అబ్బాయి దావా వేస్తే ఓడిపోయాడు. అక్కడ అబ్బాయి ఒప్పందానికీ బయటివాడే, కన్సిడరేషన్‌కీ బయటివాడే. మన 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 2(డి)లో కన్సిడరేషన్ ఇచ్చేది 'ప్రామిసీ లేదా ఇంకెవరైనా' అని ఉంది, ప్రామిసీ అంటే మాట పుచ్చుకున్నవాడు, కాబట్టి రెండో అడ్డు ఇక్కడ లేదు. మొదటిది ఇప్పటికీ ఉంది, చాకో కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, మినహాయింపులు వేరే సంగతి. మీరు చెప్పిన ఆ ఒక్క లైన్ రాస్తే పిల్ల చాకోకి ఎదురు రాసినట్టవుతుంది.

పెన్నాతీరం: చెల్లెలా తమ్ముడా??

వేణు_బార్: పాప్‌కార్న్ తెచ్చుకున్నా 🍿

శ్రావ్య_లా: అయితే ఇష్యూ ఇలా రాయనా? 'కన్సిడరేషన్ వాది నుంచి కాక మూడో మనిషి నుంచి వచ్చినప్పుడు, వాది ఆ మాటని అమలు చేయించుకోగలడా?' రూల్ సెక్షన్ 2(డి). హోల్డింగ్, చేయించుకోగలడు. మరి రీజనింగ్‌లో ఏం మిగులుతుంది, రూలే మళ్ళీ రాసినట్టు అవుతోంది.

కోర్టుహాల్3: ఇష్యూలో 'వాదికే నేరుగా మాటిచ్చినప్పుడు' అని చేర్చు, అప్పుడు బాగుంటుంది. రీజనింగ్ మళ్ళీ రూల్‌లాగే కనిపిస్తోందంటే జడ్జిమెంట్ చదవకుండా నోట్స్ చూసి రాస్తున్నావన్నమాట. అక్కడ ఇద్దరు జడ్జిలు, దారులు వేరు. కిండర్స్లీ గిఫ్ట్ డీడూ ఒప్పందమూ కలిపి ఒకే లావాదేవీగా చూసి, తల్లి ఇచ్చిన భూమే 2(డి) కింద చాలిన కన్సిడరేషన్ అన్నారు. ఇన్నెస్ మాత్రం పాత ఇంగ్లిష్ కేసు డటన్ వర్సెస్ పూల్‌ని ఆధారం చేసుకున్నారు. అక్కడ తండ్రి చెట్లు కొట్టించి అమ్మి కూతురికి సొమ్ము సమకూరుద్దామనుకుంటే, కొట్టొద్దు నేనే చెల్లెలికి ఇస్తానని కొడుకు తండ్రికి మాటిచ్చి తప్పాడు, చెల్లెలు గెలిచింది. తండ్రీ కూతుళ్ళ బంధం వల్ల ఆ మాట ఆమెకీ వర్తిస్తుందన్నారు అప్పటి జడ్జిలు.

పెన్నాతీరం: అంటే బంధుత్వం లెక్కలోకి వస్తుందన్నమాట! నేను అడుగుతున్నది అదే కదా మొదట్నుంచీ.

కోర్టుహాల్3: ఇన్నెస్ దారిలో అయితే తోబుట్టువు అన్నది రాయాలి, ఒప్పుకుంటాను. ఆడా మగా అన్నది మాత్రం ఏ దారిలోనూ అక్కర్లేదు. 'దాత తోబుట్టువు' అని రాసి ముందుకెళ్ళండి, లేదా ఐఎల్ఆర్ తెరిచి చూడండి.

మార్కులశాస్త్రి: ఐఎల్ఆర్ తెరవాలట. రాత్రి వరకు ఆఫీసులో డ్యూటీ చేసి ఈవెనింగ్ కాలేజీకి వెళ్ళేవాడికి రోజుకి అయిదు కేసులు ఇస్తారు, ఒక్కోటి పూర్తిగా చదివి ఇద్దరు జడ్జిల దారులు విడదీసే టైమ్ ఎక్కడిది? మీలాంటి సీనియర్లకి బ్రీఫ్ అంటే జడ్జిమెంట్ అర్థం చేసుకునే సాధనం. మాకు బ్రీఫ్ అంటే జడ్జిమెంట్ చదవకుండా తప్పించుకునే దారి. అసలు గొడవ అదీ, 653 కాదు.

కోర్టుహాల్3: ఇది ముందే చెప్తే ఇంత టైపింగ్ తప్పేది కదండీ. సరే, టైమ్ లేనివాడు అయిదూ చదవక్కర్లేదు, ఒకటి చదవండి. మిగతా నాలుగింటికి నోట్స్ వాడినా, 'ఎవరు ఎవరికి మాటిచ్చారు, ఎవరి చేతిలోంచి ఏమి కదిలింది' ఈ రెండు ప్రశ్నలకి జవాబు మాత్రం తీర్పులోంచే వెతకండి. నోట్స్‌లో మొదట ఎగిరిపోయేవి అవే, మీ రూల్ లైన్ తప్పింది కూడా అక్కడే.

మార్కులశాస్త్రి: మార్కు మాత్రం 653కే పోయింది సార్. అది మీరు ఇప్పించలేరుగా.

సుజాత_విశాఖ: ఇంకో దారి కూడా పుస్తకాల్లో చెప్తారు, వాదికి అంతకుముందే ఆ ముసలావిడ అంతే భృతి ఇచ్చేది, కూతురు మాట తప్పితే అది పోతుంది, ఆ నష్టమే కన్సిడరేషన్ అని. అలా చూస్తే కన్సిడరేషన్ వాది నుంచే వచ్చినట్టు, అప్పుడు 2(డి)లో 'ఇంకెవరైనా' అనే మాటే అక్కర్లేదు. మరి ఈ కేసుని దానికే ఎందుకు ఉదహరిస్తారో నాకు ఇప్పటికీ సందేహమే.

శ్రావ్య_లా: ఆ పాత భృతి సంగతి ఫ్యాక్ట్స్‌లో ఒక లైన్ పెడుతున్నా, రీజనింగ్‌లో ఇన్నెస్‌కి రెండు లైన్లు, కిండర్స్లీకి మూడు. 653 కూడా ఉంచేస్తున్నా శాస్త్రి గారి కోసం, మూడు అంకెలే కదా.

పెన్నాతీరం: చెల్లెలనే రాయి.