పాటల చందాకు జీఎస్టీ ఇన్‌వాయిస్ ఎవరివ్వాలి?

బురుజు నీడ (కర్నూలు): బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. పాటల యాప్‌కు ఏడాది చందా 1,180 రూపాయలు కట్టాను. మా కంపెనీ ఈ ఖర్చు తిరిగి ఇస్తుంది. యూపీఐ స్క్రీన్‌షాట్ పంపితే ‘ఇన్‌వాయిస్ కావాలి’ అన్నారు. పాటల కంపెనీని అడిగితే ‘ఈ చెల్లింపు మా దగ్గర లేదు’ అంటోంది. డబ్బు మాత్రం నా ఖాతాలోంచి పోయింది!

పెన్నా తీరం (కడప): ఎందుకంత శ్రమ? యూపీఐ రసీదులో మొత్తం, తేదీ ఉంటాయి కదా. మా ఆఫీసులో అదే తీసుకుంటారు.

పద్దుల పుస్తకం (కడప): మీ ఆఫీసు ఉదారమైనది, అంతే. ఆ రసీదు డబ్బు కదిలిందని చెబుతుంది కానీ అందులో పన్ను ఎంతో చెప్పదు.

కర్నూలు మిత్రమా, బ్యాంకు స్టేట్‌మెంటులో ఎవరి పేరుంది? ఫోనులోని యాప్ స్టోరు ద్వారా కట్టి ఉంటే పాటల కంపెనీకి మీ చెల్లింపు కనబడదు. స్టోరు ఖాతాలో కొనుగోళ్ల చరిత్ర తెరవండి, ఆ ఖాతా మెయిల్‌లోనూ వెతకండి. దొరికిన కాగితంలో అమ్మినవారి GSTIN, ఇన్‌వాయిస్ నంబరు, పన్ను విడిగా ఉన్నాయో లేదో చూడండి. 18 శాతం కలిపిన ధర అయితే మీ 1,180లో 1,000 చందా, 180 పన్ను.

గడియారం సెంటర్ (అనంతపురం): నాకు టిఫిన్ సెంటర్ ఉంది. అక్కడ పాటలు పెట్టడానికి ఇదే చందా ఖర్చుగా రాసుకోవచ్చా?

పద్దుల పుస్తకం: అది వేరే చిక్కు. మామూలు చందా సొంతంగా వినడానికే. అంగడిలో అందరికీ వినిపించాలంటే విడిగా లైసెన్సు కావాలి. ఇన్‌వాయిస్ ఎంత బాగున్నా ఆ లోటు తీరదు.

పెన్నా తీరం: సరే, ఇన్‌వాయిస్ వచ్చాక దాని మీద కంపెనీ GSTIN రాయించుకుంటే పోలేదా?

పద్దుల పుస్తకం: GSTIN ఉండాలన్నంతవరకు నిజం, అదీ కంపెనీ పన్ను క్రెడిట్ తీసుకోదలిస్తేనే. కానీ కట్టాక రాయించడం చాలాచోట్ల కుదరదు, కొనకముందే ఖాతాలో నమోదు చేయాలి. ఉద్యోగికి డబ్బు తిరిగివ్వడానికి సొంత పేరున్న ఇన్‌వాయిస్ చాలునా అన్నది మీ కంపెనీ నియమాన్ని బట్టి ఉంటుంది. ముందుగా అడగండి.

బురుజు నీడ: దొరికింది! స్టేట్‌మెంటులో స్టోరు పేరే ఉంది. ఇన్నాళ్లూ ఆఫీసు మెయిల్‌లో వెతికాను, అది పాత సొంత మెయిల్‌కు వచ్చింది. ఐజీఎస్టీ 180 విడిగా చూపించారు. నా పేరుంది, కంపెనీ GSTIN లేదు. పంపాను. తీసుకున్నారు కానీ, ఇన్‌వాయిస్ మార్చి తేదీది, నేను అడిగింది ఏప్రిల్‌లో. ఏ ఏడాది పద్దులో వేయాలని వాళ్లలో వాళ్లే తర్జనభర్జన పడుతున్నారు.