సుద్దపళ్లెం ఆటలో సాంబారు కార్డు ఏ గడిలో పెట్టించాలి?

చాక్‌పీసు:
మాది ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్నం బెల్లుకు ముందు పావుగంట భోజనాల వరండాలో పిల్లలతో పళ్లెం ఆట ఆడిస్తున్నాం. నేల మీద సుద్దతో పెద్ద పళ్లెం గీసి నాలుగు గళ్లు చేశాం. ఒకటి అన్నం, రొట్టె, రాగి లాంటి గింజలకు, ఒకటి పప్పులు, గుడ్డుకు, ఒకటి కూరగాయలు, పండ్లకు, ఇంకొకటి పాలు, పెరుగుకు. పిల్లలు బొమ్మకార్డు తీసుకుని పరుగెత్తి సరైన గడిలో పెట్టాలి. వంకాయ, జామకాయ, జొన్నరొట్టె అయితే ఇట్టే పెట్టేస్తున్నారు. సాంబారు, పులిహోర, కిచిడీ కార్డులు వస్తే మాత్రం తగువు పడుతున్నారు. సాంబారును పప్పు గడిలో పెట్టించాలా, కూరగాయల గడిలోనా? ఇంకో బాధ కూడా ఉంది. ఆటలో అన్నీ సరిగ్గా పెట్టిన పిల్లలే భోజనంలో సొరకాయ ముక్కలు ఏరి పక్కన పెడుతున్నారు.

రంగులబండి:
గళ్ల గొడవ వదిలేసి రంగులతో ఆడించండి. పళ్లెంలో ఐదు రంగులు కనబడితే సమతులాహారం అయినట్టే. పిల్లలకు రంగు ఇట్టే గుర్తుంటుంది. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలనేది కూడా అప్పుడే నేర్పేయొచ్చు.

ఆకుకూర:
చాక్‌పీసు గారూ, వంటకానికి గడి ఉండదండీ. వంటకాన్ని విప్పి చూపించాలి. కార్డులు రెండు కట్టలుగా చేయండి. ఒక కట్టలో వంటకాలు, రెండో కట్టలో సరుకులు. సాంబారు కార్డు పళ్లెం మధ్యలో పెట్టి, "ఇందులో ఏమేం పడ్డాయి?" అని అడగాలి. ఒకరు కందిపప్పు తెస్తారు, ఒకరు సొరకాయ, ఒకరు ములక్కాడ, ఒకరు టమాటా. ఏ సరుకు గడికి ఆ సరుకు వెళ్తుంది. సాంబారు రెండు గళ్లు నింపిందని పిల్లలే చెబుతారు. పులిహోర విప్పితే బియ్యం, గుప్పెడు పల్లీలు, పోపులో కాస్త పప్పు తేలి కూరగాయల గడి ఖాళీగా మిగులుతుంది. ఆటలో అసలు చూపించాల్సింది ఆ ఖాళీ గడినే.

చింతపండు, ఉప్పు, కారం, పసుపు కోసం పళ్లెం బయట చిన్న గిన్నె గీసి "రుచి" అని రాయండి. అది లేకపోతే చింతపండు పండే కదా అని పండ్ల గడిలో పెడతారు. వాళ్ల తర్కం సరైనదే, కానీ సాంబారులో అది పులుపు కోసం పడింది. నూనెకు గడి అంచున ఒక చెంచా గీస్తే చాలు.

పరుగు పందెం మాత్రం మానేయండి. నలుగురు చురుకైనవాళ్లు ఆడతారు, మిగతావాళ్లు చూస్తారు. తప్పు పెట్టినవాళ్లను ఆట నుంచి తీసేస్తే, ఎవరికి నేర్పాలో వాళ్లే బయట కూర్చుంటారు. ఐదుగురిని ఒక జట్టుగా చేసి, ఒక్కొక్కరికి ఒక్కో గడి కాపలా ఇవ్వండి, ఐదోవారు కార్డులు పంచుతారు. తన గడిలోకి వచ్చిన కార్డును ఒప్పుకోవాలో వెనక్కి పంపాలో కాపలావాళ్లే తేల్చి, కారణం చెప్పాలి. వంటకం మారినప్పుడల్లా కాపలా మార్చండి. పావుగంటలో మూడు వంటకాలు దాటొద్దు.

రంగులబండి గారూ, రంగులు కూరగాయలు, పండ్ల గడి లోపల బాగా పనిచేస్తాయి. ఆకుపచ్చవి, నారింజరంగువి, ఊదావి వేరు చేయించడానికి మంచి ఆట. గళ్ల మధ్య మాత్రం పనికిరాదు. అన్నం, పెరుగు, ముల్లంగి, గుడ్డులో తెల్లసొన అన్నీ తెల్లగానే ఉంటాయి, నాలుగూ నాలుగు గళ్లవి. మన వంటలో పసుపు పడ్డాక అంతా పచ్చగానే కనబడుతుంది.

రంగులబండి:
రంగుల సంగతి ఒప్పుకుంటాను. సగం పళ్లెం మాటలో తప్పేముంది? పోస్టర్లన్నిట్లోనూ అదే ఉంది కదా.

ఆకుకూర:
మాట తప్పు కాదండీ, ఈ పళ్లెంలో కనబడదు. బడి మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ కింద ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75, 7.5 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. 100 గ్రాముల బియ్యం ఉడికాక రెండున్నర రెట్లకు పైగా అవుతుంది. 50 గ్రాముల సొరకాయ ఉడికి ఇంకా తగ్గుతుంది. కాబట్టి పిల్లవాడి ముందున్న పళ్లెంలో ఎప్పుడూ అన్నమే ఎక్కువ. సగం కూరగాయలని నేర్పి ఆ పళ్లెం ముందు కూర్చోబెడితే, పాఠమైనా అబద్ధం అనిపిస్తుంది, భోజనమైనా తప్పనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పళ్లెం బొమ్మ చాలా బడుల్లో గోడకు ఉంటుంది. అది ఒక పూట పళ్లెం కాదు, రోజు మొత్తానికి, అదీ 2000 కిలోకేలరీల లెక్కకు. అందులో కూరగాయలు 400 గ్రాములు. ఏడేళ్ల పిల్లవాడి మధ్యాహ్న భోజనానికి అదే కొలబద్ద పెట్టకూడదు. అందుకే ఆటలో మూడు పళ్లేలు గీయండి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మధ్యాహ్నం ఖాళీగా మిగిలిన గడిని మిగతా రెండు పూటల్లో ఏం తిని నింపవచ్చో పిల్లలు వెతకాలి. ఇంటి దగ్గర దొరికే తోటకూర, జామకాయ, మజ్జిగ లాంటి కార్డులే ఇవ్వండి. ఊళ్లో దొరకని పండ్ల కార్డులు తీసేయండి.

సముద్రపారం:
అమెరికాలో ఉంటాం. మావాడికి డబ్బాలో రోజూ పెరుగన్నం పెడతాను. ఇక్కడి బడిలో మైప్లేట్ అనే అమెరికా పళ్లెం బొమ్మ చూసొచ్చి "నా డబ్బా తప్పా?" అని అడుగుతున్నాడు. ఏం పెట్టాలో చెప్పండి.

ఆకుకూర:
ఈ చర్చ బడిలో వండి పెట్టే భోజనం గురించండీ, అయినా విప్పే పద్ధతి అదే. పెరుగన్నం రెండు గళ్లు నింపింది. పక్కన కీరా ముక్కలు, ఉడికించిన శనగలు పెడితే నాలుగూ నిండుతాయి. ఆ బొమ్మలో పాలు గ్లాసుతో పక్కన ఉంటాయి కాబట్టి పెరుగు అన్నంలో కలిస్తే లెక్కలోకి రాదేమో అనుకుంటారు పిల్లలు. వస్తుందని చెప్పండి.

మీ దగ్గర బడి క్యాంటీన్‌లోనే ఇలాంటి ఎంపిక ఉంటుంది. చాలా బడుల్లో పండు, కూరగాయ, గింజలు, మాంసం లేదా దానికి బదులు, పాలు అని ఐదు పెడతారు. పిల్లలు కనీసం మూడు తీసుకోవాలి, అందులో పండో కూరగాయో అరకప్పు ఉండి తీరాలి. అయితే తీసుకున్నదంతా తింటారని కాదు, ఆపిల్ చెత్తబుట్టలోకి వెళ్లడం అక్కడా ఉన్న సమస్యే.

గరిటె:
బడి వంటలు చూసేవాళ్ల తరఫున ఒక మాట. కార్డుల కట్ట ఆ రోజు వంటగదిలో కనుక్కున్నాకే తయారుచేయండి. ఇవాళ ములక్కాడ పడకపోతే ఆ కార్డు తీయండి. లేని ముక్క కోసం పిల్లలు పళ్లెంలో వెతుకుతారు.

ముక్కలు ఏరేయడం గురించి చెబుతాను. సాంబారులో ముక్కలు అడుక్కు దిగుతాయి. కలపకుండా పైపైన వడ్డిస్తే వరుసలో ముందున్న చిన్నపిల్లలకు నీళ్లు, చివరివాళ్లకు ముక్కల ముద్ద. ఆటలో కూరగాయల గడి నిండింది, ఒకటో తరగతి పిల్లవాడి పళ్లెంలో నిండలేదు. ఇలా పరీక్షించండి: వడ్డన మొదట్లో ఒక గరిటె, మధ్యలో ఒకటి, చివర ఒకటి జల్లెడలో వంచి, మిగిలిన ముక్కలు తూచండి. మూడు తూకాలూ దాదాపు ఒకటిగా ఉంటే కలపడం సరిగ్గా ఉంది. మొదటిది మరీ తక్కువైతే ప్రతి నాలుగైదు పళ్లేలకు అడుగుదాకా గరిటె పెట్టి కలపాలి.

ముక్క పెద్దదైతే ఏరడం తేలిక. సొరకాయ పప్పుతో పాటు మొదటే వేస్తే జావగా అయిపోతుంది, ఆ మెత్తదనమే పిల్లలకు నచ్చదు. పప్పు ఉడికాక, చింతపండు పులుసు పోయకముందు, చిటికెన గోరంత ముక్కలు వేయాలి. పులుసు ముందే పోస్తే ముక్క ఉడకడానికి చాలాసేపు పడుతుంది.

ఆట మాత్రం వేడి గిన్నెలు వరండాలోకి రాకముందే ముగించండి. వరుసలో కార్డులు పంచితే తోపులాట జరుగుతుంది, సాంబారు మీద పడే ప్రమాదం. సుద్ద చేతులు సబ్బుతో కడిగాకే కూర్చోబెట్టాలి.

కొలతబద్ద:
ఆట పనిచేసిందో లేదో కార్డులు చెప్పవు, బకెట్ చెబుతుంది. పళ్లేలు కడిగే చోట రెండు బకెట్లు పెట్టండి, ఒకటి అన్నానికి, ఒకటి కూర ముక్కలకు. ములక్కాడ పిప్పి, కరివేపాకు, అరటితొక్క మూడోదాంట్లో, వాటిని లెక్కలో కలపొద్దు. నీళ్లు తగలకముందే కొక్కెం తూకంతో తూచండి.

ఉదాహరణకు సాంబారు రోజున 56 మంది తిన్నారు, ముక్కల బకెట్‌లో 1,100 గ్రాములు వచ్చాయి. తలకు దాదాపు 20 గ్రాములు. ఆటలు మొదలుపెట్టి కొన్ని వారాలయ్యాక, అదే వంటకం, అదే హాజరు ఉన్న రోజు 700 గ్రాములు వస్తే తలకు 12.5 గ్రాములు. అయితే గిన్నెలో మిగిలినది కూడా తూచాలి. వడ్డనే తగ్గి ఉంటే బకెట్ కూడా తేలిక అవుతుంది, అది ఆట గొప్ప కాదు. సాంబారు రోజును గుడ్డు కూర రోజుతో పోల్చొద్దు.

చాక్‌పీసు:
పళ్లెం ఖాళీ చేసిన జట్టుకు నక్షత్రాలు ఇద్దామా?

ఆకుకూర:
ఖాళీ పళ్లేనికి వద్దండీ. కడుపు నిండినా తింటారు, లేదా పక్కవాడి పళ్లెంలోకి తోసేస్తారు. ఒక్క ముక్క రుచి చూసినందుకు చిన్న స్టిక్కర్ ఇవ్వడం వేరు, అది సాయపడుతుంది. నచ్చని కూరగాయ అలవాటు కావడానికి చాలాసార్లు, పదిసార్ల దాకా, కొందరికి అంతకంటే ఎక్కువసార్లు నోట్లో పడాలి. వారానికి ఒక కూరగాయ తీసుకుని, బొటనవేలి గోరంత ముక్క పెట్టి, "బాగుందా?" అని కాకుండా "కరకరా, మెత్తనా, తీపా, చేదా?" అని అడగండి. ఉమ్మేసినా ఫర్వాలేదు.

రంగులబండి:
స్టిక్కర్ ఆపేసిన రోజు ముక్క కూడా ఆగిపోతే? ఆటలోనే గెలుపు ఉండాలి, విడిగా బహుమతి ఎందుకని నా అభిప్రాయం.

కొలతబద్ద:
స్టిక్కర్ ఆపాక కూడా బకెట్ తూచి చూడండి. బడిని బట్టి మారుతుంది, ఇక్కడ కూర్చుని తేల్చలేం.

చాక్‌పీసు:
సరే. ఇంకో రెండు చిక్కులు. బంగాళాదుంప ఏ గడి? గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తే పప్పు, గుడ్డు గడి నిండినట్టేనా?

ఆకుకూర:
రెండోది తేలిక. అరటిపండు పండ్ల గడికే వెళ్తుంది, గుడ్డు గడి ఖాళీయే. ఆ పిల్లల కార్డుల్లో శనగలు, పెసలు, పల్లీ చిక్కీ ఉండాలి. ఆ రోజు పప్పు ఒక గరిటె ఎక్కువ వేయమని వంటవాళ్లకు చెప్పండి. బంగాళాదుంప మాత్రం బ్రిటన్ బొమ్మలో గింజలతో ఉంటుంది, అమెరికా బొమ్మలో కూరగాయలతో. మన భోజనంలో అన్నం పక్కన ఆలూ కూర పడితే పళ్లెమంతా పిండిపదార్థమే కాబట్టి నేనైతే గింజల గడిలో పెట్టిస్తాను.

గరిటె:
కూరగాయల కోటా కింద కొనేది దాన్నే కదండీ. వంటగదిలో కూరగాయ, వరండాలో గింజ అంటే పిల్లలకు ఎలా చెబుతారు?

ఆకుకూర:
రెండు గళ్ల మధ్య గీత మీద పెట్టించి, కాపలావాళ్లిద్దరినీ వాదించుకోనివ్వండి.